ఒప్పుకున్న మౌనమా, భయపడ్డ మౌనమా? టీమ్ నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు పత్తి మిల్లులు, ప్రైవేటు ఆసుపత్రులు, స్కూళ్లు, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నడిపేవాళ్లతో ఎప్పుడు కూర్చున్నా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా పత్తి మిల్లుల నుంచే తీసుకున్నాను. అక్కడ చెప్పకుండా దాచిన మాట ఒక్కోసారి నిజంగానే అంటుకుంటుంది.

## మొదలుపెట్టే ముందు

సైకలాజికల్ సేఫ్టీ అంటే ఎవరినీ ఏమీ అనకుండా మెత్తగా ఉండటమేనా?

కాదు. తప్పు జరిగిందని చెప్పినా, తెలియదని అడిగినా, పెద్దవాళ్ల నిర్ణయం మీద అనుమానం బయటపెట్టినా తనను చులకన చేయరు, తర్వాత కక్ష పెట్టుకోరు అని టీమ్‌లో అందరికీ ఉండే నమ్మకం అది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ ఒక తయారీ కంపెనీలో 51 టీమ్‌లను పరిశీలించి 1999లో రాసిన పరిశోధనతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ నమ్మకం కంపెనీ మొత్తానికి ఒకేలా ఉండదు, టీమ్‌కు టీమ్‌కు మారుతుంది. ఒకే మిల్లులో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ దగ్గరివాళ్లు గలగలా మాట్లాడతారు, దూదిని బేళ్లుగా బిగించే ప్రెస్ దగ్గరివాళ్లు నోరెత్తరు. తేడా చాలావరకు నేరుగా పైనున్న సూపర్‌వైజర్ దగ్గరే ఉంటుంది.

మెత్తటి బాస్ దగ్గర కూడా టీమ్ మూగగా ఉండొచ్చు. "మా సారు దేవుడసొంటోడు, ఆయనకు చెప్పి బాధపెట్టుడెందుకు" అని ఊరుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఫలితం మాత్రం ఒకటే, విషయం పైకి రాదు.

మౌనం అర్ధాంగీకారం అంటారు కదా? ఎవరూ వద్దనకపోతే ఒప్పుకున్నట్టే కదా?

పెళ్లిచూపుల్లో ఏమో గానీ, పని దగ్గర ఆ లెక్క నడవదు. మాట్లాడకపోవడానికి కనీసం నాలుగు కారణాలు ఉంటాయి. చెబితే తనకే ఎసరు వస్తుందన్న భయం ఒకటి. "చెప్పినా ఏం ఒరుగుతుంది" అన్న విసుగు ఇంకొకటి. తోటివాణ్ణి ఇరికించడం ఇష్టంలేక ఊరుకోవడం మూడోది. అసలు విషయమే అర్థం కాకపోవడం నాలుగోది. పరిశోధకులు కూడా మొదటి మూడింటిని విడివిడిగానే చూస్తారు.

వీటిని వేరు చేసుకోవడం ఎందుకంటే, మందు ఒక్కటి కాదు. భయపడ్డవాడికి శిక్ష ఉండదని కళ్లారా కనబడాలి. విసిగిపోయినవాడు పోయినసారి చెప్పిన పని ఇవాళైనా జరగాలని చూస్తాడు. విసుగును భయం అనుకుని "భయపడకండి, చెప్పండి" అంటే అతను ఇంకా మండిపోతాడు. అతనికి భయం ఎప్పుడో పోయింది, ఆశ కూడా పోయింది.

తప్పులు చెప్పుకునే టీమ్‌లోనే తప్పులు ఎక్కువ కనబడతాయి కదా, అది నష్టం కాదా?

కనబడతాయి. ఎడ్మండ్సన్ మొదట తడబడింది కూడా ఇక్కడే. ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్ల మీద ఆమె చేసిన అధ్యయనం 1996లో అచ్చయింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కలో ఎక్కువ వచ్చాయి. తరచి చూస్తే ఆ వార్డుల్లో నర్సులు దాచకుండా చెబుతున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. కాబట్టి మీ రిజిస్టర్‌లో నెల పొడుగునా "నిల్" అని ఉంటే సంతోషించే ముందు ఒకసారి అనుమానించండి. మనుషులు, మిషన్లు ఉన్నచోట చిన్న తప్పు కూడా జరగని నెల ఉండదు.

## మీటింగ్ జరుగుతుండగా

"ఏమైనా డౌట్లున్నాయా?" అంటే ఎవరూ మాట్లాడరు. ఒప్పుకున్నారా, భయపడుతున్నారా అని అప్పటికప్పుడు ఎలా తెలుస్తుంది?

మౌనం కంటే దాని తర్వాతి రెండు నిమిషాలు చూడండి. నిజంగా ఒప్పుకున్నవాళ్లు పని వివరాల్లోకి దిగుతారు. "మరి రెండో షిఫ్ట్‌ల ఎవరుంటరు?", "ఆదివారం లారీ దొరకదు గద సార్, సోమవారం పెట్టుకుందామా?" అంటారు. రేపు ఆ పని చేయాల్సింది తామే అని తెలుసు కాబట్టి సణిగినా వివరాల మీదే సణుగుతారు. భయపడ్డ మౌనంలో ఈ ప్రశ్నలు ఉండవు. "సరే సార్, మీరెట్లంటె అట్ల" అని కుర్చీలు జరిపి లేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎంత అని ఒక్కరూ అడగని "సరే"ను నేనైతే ఒప్పుకోలుగా లెక్కపెట్టను.

రెండోది, చూపులు. ప్రశ్న అడగ్గానే అందరి కళ్లు ఒకే మనిషి వైపు వెళ్తే, భయం మీకు సంబంధించింది కాకపోవచ్చు. ఆ మనిషి సీనియర్ ఫిట్టర్ కావచ్చు, కాంట్రాక్టర్ మనిషి కావచ్చు, మీ బంధువే కావచ్చు.

మూడోది చాలామందికి దొరకదు. భయం ఉన్నచోట మాట పూర్తిగా ఆగిపోదు, అడిగీ అడగనట్టు వస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి విమానాశ్రయంలో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కు పరుగు తీస్తున్న విమానంలో ఫ్లైట్ ఇంజినీరు, ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేయలేదా అన్న అర్థం వచ్చేలా అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఇంజినీరు మళ్లీ అడగలేదు. మన మీటింగుల్లో దీని రూపం "అంటే... సార్... పోయినసారి ఒకసారి... సరే లెండి, ఏం లేదు" అన్నట్టు ఉంటుంది. ఆ "సరే లెండి" దగ్గర మీటింగ్ ఆపండి. "లేదు లేదు, పోయినసారి ఏమైందో చెప్పు" అనండి, చెప్పేదాకా ఆగండి.

ఇవన్నీ కనబడినా ఒక్క మీటింగ్‌తో తేల్చేయొద్దు. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు నిద్రతో మౌనంగా ఉంటారు. అదే టీమ్ ప్రమాదం లేని విషయం మీద ఎలా మాట్లాడుతుందో పోల్చి చూడండి. మేడారం జాతరకు ఎవరికి ఎన్ని రోజులు సెలవు అన్నదాని మీద అరగంట వాదించుకునేవాళ్లు, ప్రొడక్షన్ టార్గెట్ దగ్గర బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటే అది సిగ్గు కాదు, స్వభావమూ కాదు.

ప్రశ్న మార్చి అడగమంటారు. ఎలా మార్చాలి?

"డౌట్లున్నాయా?" అన్నదానికి "లేవు" అనడం అన్నిటికంటే సులువు. "లేదు" అన్న జవాబు కుదరని ప్రశ్న కావాలి. గ్యారీ క్లీన్ అనే సైకాలజిస్ట్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ప్రీ-మార్టమ్ పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. "ఈ ప్లాన్ నెల తర్వాత పూర్తిగా దెబ్బతిన్నదనుకోండి. ఎందుకు దెబ్బతిని ఉంటుంది? ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పండి" అని అడగాలి. ఇక్కడ లోపం చూపించడం ఎదురు మాట్లాడటం కాదు, అప్పజెప్పిన పని. అందుకే నోరు తెరుచుకుంటుంది.

మొదట రెండు మూడు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాలి, మీరు కూడా రాయాలి. తర్వాత అందరికంటే జూనియర్ దగ్గర మొదలుపెట్టి వరసగా చదివించండి. మధ్యలో మీరు సమాధానాలు చెప్పొద్దు, అన్నిటికంటే కష్టం ఇదే. చివర్లో ఒకటి రెండు కారణాలు తీసుకుని అక్కడికక్కడే ప్లాన్‌లో ఏదో ఒకటి మార్చండి. ఏమీ మార్చకపోతే వచ్చేసారి కాగితాలు ఖాళీగా వస్తాయి.

రాయడం అలవాటు లేని కూలీలైతే ఇద్దరిద్దరిని కలిపి ఐదు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, మీరు దూరంగా నిలబడండి. "మేమిద్దరం అనుకున్నం" అని చెప్పడం "నేను అంటున్న" అనడం కంటే చాలా తేలిక.

మా దగ్గర పెద్దవాళ్ల ముందు ఎదురు మాట్లాడకపోవడం మర్యాద. దాన్ని భయం అనడం అన్యాయం కాదా?

మర్యాద వేరు, భయం వేరు, అన్నమాట నిజమే. మర్యాదతో ఊరుకున్న మనిషి దారి మార్చుకుంటాడు. మీటింగ్‌లో అనడు గానీ సాయంత్రం మీ బండి దగ్గరకు వచ్చి "సారూ, ఒక్క మాట" అంటాడు, లేదా మీరు నమ్మే సీనియర్‌తో కబురు పెడతాడు. భయపడ్డ మనిషి దగ్గర నుంచి మాట ఏ దారిలోనూ రాదు. రెండు రోజులు చూసి, విషయం ఏదో ఒక పక్కనుంచి మీదాకా వచ్చిందా అని లెక్క వేసుకోండి.

ఇదంతా మన సంస్కృతి వల్లే అనుకోవడం కూడా పొరపాటు. అందరి ముందు బాస్‌ను ఇబ్బంది పెట్టొద్దు, బాస్‌ను దాటి పైకి వెళ్లొద్దు, పక్కా ఆధారం లేకుండా నోరు తెరవొద్దు అని ఉద్యోగులు తమకు తామే పెట్టుకునే నియమాలను జేమ్స్ డెటర్ట్ అనే పరిశోధకుడు, ఎడ్మండ్సన్ కలిసి 2011లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. వాళ్లు చూసింది అమెరికాలో.

## మీటింగ్ అయిపోయాక

మా మిల్లులో ఎప్పుడడిగినా "అంతా మంచిగనే ఉన్నది సారూ" అంటారు, తర్వాత ఏదో ఒకటి బయటపడుతుంది. ఎక్కడ వెతకాలి?

మాట ఎక్కడ ఆగిందో వెతకాలి. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను.

వరంగల్ చుట్టుపక్కల ఒక జిన్నింగ్ మిల్లు, సీజన్ మంచి ఊపు మీద ఉంది. జిన్నింగ్‌లో గింజ వేరైన దూది ప్రెస్‌కు వెళ్లి, దాదాపు 170 కిలోల బేల్‌గా బిగుస్తుంది. పత్తిలో రాయో ఇనుప ముక్కో వస్తే మిషన్‌లో నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ అంటుకున్న దూది గనక బేల్ లోపలికి పోయి బిగిస్తే మంట కనబడదు, పొగా రాదు. గాలి అందక లోలోపల రోజుల తరబడి రాజుకుంటూ ఉంటుంది. ఆ మిల్లులో అదే జరిగింది. రెండు రోజుల తర్వాత యార్డులో ఒక బేల్ నుంచి పొగ వచ్చింది. పక్కనున్న బేళ్లను లాగేసరికి కొన్ని పాడయ్యాయి.

మేనేజర్ మొదట "ఎవడు చూసుకోలేదు?" అని మొదలుపెట్టాడు. ఎవరూ పలకలేదు. మరునాడు ప్రశ్న మార్చి, "మాడు వాసన మొదట ఎక్కడ వచ్చింది?" అని విడివిడిగా అడిగాడు. ప్రెస్ దగ్గర ఇద్దరికి ఆ రోజే వాసన వచ్చిందట. "మరి ఆపలేదేం?" అంటే ఒకతను చెప్పాడు: "మొన్న యాదగిరి ఆపితే సూపర్‌వైజర్ సాబ్ అందరి ముంగట 'గంట నష్టం నీ అయ్య కడతడా' అన్నడు గద సారూ." యాదగిరి ఆపిన రోజు వెతికితే ఏమీ దొరకలేదు. దానికి తోడు ప్రెస్ వాళ్లకు కూలి బేల్ లెక్కన. ఆపితే మొత్తం ముఠాకు కూలి పోతుంది.

అంటే భయం మనసులో మాత్రమే లేదు, కూలి లెక్కలో కూడా ఉంది. వాళ్లను పిలిచి ధైర్యం చెబితే పోయేది కాదు. మేనేజర్ మూడు పనులు చేశాడు. వాసన వచ్చిందని ఎవరు ఆపినా, ఆగిన సమయానికి ఆ రోజు సగటు లెక్కన కూలి కట్టాడు. అనుమానం ఉన్న బేల్‌ను గోడౌన్‌కు పంపకుండా కొన్ని రోజులు విడిగా ఆరుబయట పెట్టించాడు. సూపర్‌వైజర్‌కు ఒక్క వాక్యం నేర్పించాడు. ఎవరైనా ఆపగానే ముందు అనాల్సింది "ఎక్కడొచ్చింది, చూపియ్". ఆ తర్వాతే ఇంకేమైనా.

మీ దగ్గర కూడా ఆఖరిసారి నోరు తెరిచిన మనిషికి ఏమైందో కనుక్కోండి. అందరూ గుర్తుపెట్టుకునేది అదే.

టీ కొట్టు దగ్గర ఏం మాట్లాడుకుంటున్నారో ఒకరిని పెట్టి తెలుసుకోవచ్చా?

వద్దు. మూడో రోజుకు ఆ మనిషి ఎవరో అందరికీ తెలుస్తుంది, టీ కొట్టు దగ్గర కూడా మాటలు ఆగిపోతాయి. ఉన్న ఒక్క గాలి కిటికీ మీరే మూసినట్టు.

సలహాల పెట్టె పెడితే ధైర్యంగా రాస్తారు కదా?

పేరు లేకుండా మాత్రమే చెప్పగల కొన్ని విషయాలకు, ముఖ్యంగా వేధింపుల్లాంటి వాటికి, అలాంటి దారి ఉండాల్సిందే. కానీ పనిలో తేడాలకు పెట్టె పెద్దగా పనికిరాదు. ఎనిమిది మంది ఉన్నచోట చేతిరాత, మాటతీరు అందరికీ తెలుసు. పైగా చీటీని మీరు తిరిగి ఏమీ అడగలేరు. "మూడో మిషన్ బాగలేదు" అని ఉంటే ఎప్పటి నుంచి, ఏ చప్పుడు అని ఎవరిని అడుగుతారు?

నాకు ఆల్రెడీ తెలిసిన సమస్య గురించి ఎవరైనా చెబుతారా అని చూడటం మోసం కాదా?

ఇరికించడానికైతే మోసమే. కొలవడానికైతే నాకు తెలిసిన మంచి పరీక్షల్లో ఇదొకటి. ఒక చిన్న లోపం మీ కంట పడింది, అది అందరికీ తెలుసు, ప్రాణాపాయం లేదు. ఒక వారం మీరేమీ అనకండి. అది మీదాకా వస్తుందా, వస్తే ఎన్నాళ్లకు, ఎవరి ద్వారా అని గమనించండి. రాకపోతే ఎందుకు చెప్పలేదని ఎవరినీ నిలదీయొద్దు. అడిగితే ఇక ఎప్పటికీ చెప్పరు. భద్రతకు సంబంధించిన లోపమైతే మాత్రం ఈ పరీక్ష జోలికి పోకండి, అప్పుడే సరిచేయించండి.

## ఒకరు నోరు విప్పాక

ధైర్యం చేసి చెప్పినవాడి మాట తప్పని తేలితే ఏం చేయాలి?

అందరూ చూసేది ఈ ఘట్టమే. నిజమైన ప్రమాదం చెప్పినవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారు. లైన్ ఆపి, చూస్తే ఏమీ లేదని తేలినప్పుడు మీ మొహం ఎలా ఉందన్నదే మిగతావాళ్లు గుర్తుపెట్టుకుంటారు. "పర్లేదు" అనడం కూడా చాలదు, అందులో క్షమించిన స్వరం ఉంటుంది. అతనికి ఏమనిపించిందో, ఏ వాసనో, ఏ చప్పుడో అడిగి, అది దేనివల్ల వచ్చిందో కలిసి వెతకండి. బెల్టు వేడెక్కిన వాసనకూ దూది మాడిన వాసనకూ తేడా అక్కడే నేర్పించవచ్చు. అప్పుడు తప్పు అలారాలు వాటంతటవే తగ్గుతాయి, భయం వల్ల కాదు, తెలివి వల్ల.

అందరి ముందు నా నిర్ణయాన్నే తప్పు పట్టాడు. ఒళ్లు మండింది. అప్పుడు ఏమనాలి?

మండటం సహజం. అప్పుడు వివరణ మొదలుపెట్టకండి, ఎందుకంటే ఆ క్షణంలో ఎంత సరైన వివరణ అయినా తిట్టులాగే వినిపిస్తుంది. "నువ్వు చూసింది ఏంది, ఇంకొంచెం చెప్పు" అని అడిగి రాసుకోండి. రాస్తుంటే మొహం కాగితం మీద ఉంటుంది, ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. జవాబు అప్పుడే తెలియకపోతే రేపు చెబుతానని చెప్పి, రేపు చెప్పండి.

మరి నిజంగా నిర్లక్ష్యం చేసినవాణ్ణి కూడా ఏమీ అనొద్దా?

అనండి. తాగి డ్యూటీకి వచ్చినవాణ్ణి, తెలిసి తెలిసి మిషన్‌కు రక్షణగా ఉండే గార్డు తీసి నడిపినవాణ్ణి వదిలేస్తే మిగతావాళ్లకు భద్రత ఉండదు. కాకపోతే గీత ముందే గీసి అందరికీ చెప్పాలి: ఏది చేస్తే శిక్ష, ఏది చెబితే శిక్ష లేదు. పొరపాటు చేసి వెంటనే చెప్పినవాణ్ణి, దాచిపెట్టినవాణ్ణి ఒకే గాటన కట్టొద్దు. ఇద్దరికీ ఒకే తిట్టు పడితే దాచడమే లాభం అన్న లెక్క చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

కూలీలు బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, కాంట్రాక్టర్ కింద ఉంటారు. వాళ్లకూ ఇదంతా వర్తిస్తుందా?

వర్తిస్తుంది గానీ మీ మాట ఒక్కటే చాలదు. వాళ్లను రేపు పనిలోకి పిలిచేది, పిలవనిదీ కాంట్రాక్టర్. అతను పక్కన నిలబడి ఉండగా మీరు హిందీలో ఎంత ప్రేమగా అడిగినా "సబ్ ఠీక్ హై సాబ్" అనే అంటారు. ముందు కాంట్రాక్టర్‌తో, మాట చెప్పినందుకు ఎవరినీ తీసేయనని ఒప్పందం చేసుకోండి. సీజన్‌లో ఒక్కసారైనా ఎవరైనా చెప్పి, ఆ మనిషి మరుసటి వారం కూడా పనిలో కనబడితే, మిగతావాళ్లు దాన్ని నమ్ముతారు.

## కొన్ని నెలలు గడిచాక

భయం తగ్గిందని ఎలా కొలవాలి? సర్వే పెట్టాలా?

ఎడ్మండ్సన్ వాడిన ఏడు వాక్యాల ప్రశ్నావళి ఉంది. "ఈ టీమ్‌లో తప్పు చేస్తే దాన్ని మనసులో పెట్టుకుంటారు", "సాయం అడగడం కష్టం" లాంటి వాక్యాలతో ఎంతవరకు ఏకీభవిస్తారో అడుగుతుంది. పెద్ద సంస్థకు మంచిదే. ఆరుగురి టీమ్‌లో ఎవరు ఏం రాశారో ఊహించడం తేలిక, కాబట్టి భయపడ్డవాళ్లు అక్కడ కూడా మంచి మార్కులే వేస్తారు.

నేను చూసేది వేరే. చెడ్డ వార్త మీకు ఎప్పుడు వస్తోంది? జరిగిన వారానికా, ఆ పూటకేనా? కస్టమర్ ఫోన్ చేసి చెబితే తెలుస్తోందా, మీవాళ్లు ముందే చెబుతున్నారా? కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం తెగ ప్రశ్నలు అడిగి, మూడో నెలకు మిగతావాళ్లలా అయిపోతున్నారా? మొదట్లో రిజిస్టర్‌లో సమస్యల సంఖ్య పెరుగుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. ఆరు నెలలైనా అవే సమస్యలు మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం, చెబుతున్నారు గానీ మీరు చేయట్లేదని అర్థం.

నేను ఓనర్‌ను కాదు, మధ్యలో సూపర్‌వైజర్‌ను. పైన సేటే అరుస్తాడు. నేనేం చేయగలను?

మీ టీమ్ వరకు చాలా చేయగలరు. పైనుంచి వచ్చిన అరుపును అదే స్వరంతో కిందికి పంపకుండా, విషయం మాత్రం పంపండి. మీవాళ్లు చెప్పింది పైకి చేర్చేటప్పుడు మనిషి పేరు తీసి, మిషన్ నంబరు, టైము, ఎంత నష్టం తప్పిందో చెప్పండి. చాలామంది సేట్లకు పేరు వినబడితే కోపం వస్తుంది, లెక్క వినబడితే చెవి వస్తుంది. ఏం చెప్పారో, సేటు ఏమన్నాడో తిరిగి వచ్చి టీమ్‌కు చెప్పండి, కాదన్నా సరే. మీ చేతిలో లేనిదాన్ని మీ చేతిలో ఉన్నట్టు మాట ఇవ్వకండి. "ఎవరికీ ఏం కాదు, నాది పూచీ" అని చెప్పి, తర్వాత ఆ మనిషి పని పోతే మీకు ఎవరూ ఏమీ చెప్పరు. "పేరు బయటికి రానియ్యను, అంతవరకు నా చేతిలో ఉంది" అంటే చాలు.